టీకాకు చలి తగిలితే

బుధవారం ఉదయం కూకట్‌పల్లి చుట్టుపక్కల బస్తీల్లోనూ, కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల పక్కన కూలీల రేకుల షెడ్ల దగ్గరా ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె దిగుతుంది. దానిచుట్టూ తల్లులు పసిపిల్లలతో వరస కడతారు. బయట ఎండ మండుతుంటే పెట్టె మూత తీసినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: ‘మూత వెయ్యమ్మా, మందు వేడెక్కిపోతుంది.’ టీకా అనగానే మనకున్న భయం ఇదొక్కటే. ఎండకు పాడవుతుందేమో, కరెంటు పోతే ఫ్రిజ్ ఆగిపోతుందేమో అని. ఈ భయం అబద్ధం కాదు. కానీ ఇప్పుడు పిల్లలకు వేస్తున్న టీకాల్లో చాలావాటికి అసలు గండం ఆ పెట్టెలోని మంచుగడ్డల నుంచే ఉంది.

ఆరోగ్య కేంద్రంలో టీకాలన్నిటికీ నియమం ఒకటే: 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఈ రెండు హద్దుల్లో పై హద్దు దాటితే ఏమవుతుందో కనిపెట్టే ఏర్పాటు సీసా మీదే ఉంది. ప్రభుత్వం వేసే టీకా సీసా తీసుకుని చూడండి. లేబుల్ మీదో మూత మీదో ఒక ముదురు వృత్తం, దాని మధ్యలో లేత రంగు చదరం ఉంటాయి. దీన్ని వ్యాక్సిన్ వయల్ మానిటర్ అంటారు. చదరంలోని రసాయనం వేడి తగిలిన కొద్దీ ముదురుతుంది. ఒకసారి ముదిరితే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా వెనక్కి రాదు. కర్మాగారం నుంచి బస్తీ దాకా దారిలో తగిలిన వేడినంతా అది కూడబెట్టి చూపిస్తుంది. చదరం చుట్టూ ఉన్న వృత్తమంత ముదిరిందంటే ఆ సీసా చెత్తబుట్టకే. 1996లో పోలియో చుక్కల సీసాల మీద మొదలైన ఈ చిన్న గుర్తు వల్ల వేడి దెబ్బను అక్షరం రాని వాళ్లు కూడా చదవగలిగారు.

కింది హద్దుకు అలాంటి కాపలా సీసా మీద లేదు. గడ్డకట్టి కరిగిన టీకా మీద చదరం లేతగానే ఉంటుంది. నర్సమ్మ చూస్తుంది, బాగానే ఉందనుకుంటుంది, వేసేస్తుంది.

సీసా లోపల జరిగేది ఇది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్‌లో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే ఐదు జబ్బుల మందు ఉంటుంది. ఇందులోని మందు పదార్థం అల్యూమినియం లవణపు సన్నటి రేణువులకు అంటుకుని ఉంటుంది. శరీరం దాన్ని గుర్తించి గట్టిగా స్పందించడానికి ఆ రేణువులే సాయం. నీరు మంచుగా మారేటప్పుడు స్ఫటికాలు పెరుగుతూ ఈ రేణువులను ఒకదాని మీదికొకటి నెట్టేస్తాయి. అవి ముద్దకట్టి, మంచు కరిగాక కూడా విడిపోవు. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీసిన పెరుగు నీళ్లు వేరై పలుకులు తేలినట్టే. అలాంటి మందు ఎక్కిస్తే రావలసినంత రక్షణ రాదు. సూది పడిన చోట వాపు, గడ్డ రావడం మాత్రం పెరగవచ్చు. బిడ్డ కార్డులో ‘వేశాం’ అని టిక్ ఉంటుంది. లోపల రక్షణ ఎంత ఉందో ఆ టిక్ చెప్పదు.

టీకాల్లో గడ్డకట్టడానికి అన్నిటికంటే ముందుండేది హెపటైటిస్-బి. సున్నాకు అర డిగ్రీ కింద గడ్డకట్టే ప్రమాదంలో పడుతుంది. ఆ టీకాను మన దేశంలో మొదటిసారి జన్యుసాంకేతికతతో తయారుచేసి 1997లో మార్కెట్లో పెట్టింది హైదరాబాద్ కంపెనీయే, వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్. ఇక్కడ పుట్టిన మందు ఇక్కడి బస్తీకి చేరే లోపు చెడిపోవడానికి మంచుతో గంట సావాసం చాలు.

ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? ఆరోగ్య కేంద్రంలో ఉదయం ఎనిమిదింటికి.

కేంద్రంలో రెండు పెట్టెలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఐఎల్ఆర్. పైకి తెరుచుకునే ఫ్రిజ్, గోడల చుట్టూ మంచు పొర, కరెంటు రోజుకు ఎనిమిది గంటలు వచ్చినా చలి నిలుపుతుంది. టీకాలు ఇందులో ఉంటాయి. రెండోది డీప్ ఫ్రీజర్. అందులో ఐస్ ప్యాకులు మైనస్ 20 డిగ్రీల దగ్గర రాయిలా గడ్డకట్టి ఉంటాయి. బస్తీకి వెళ్లే వ్యాక్సిన్ క్యారియర్‌లో నాలుగు పక్కలా నాలుగు ఐస్ ప్యాకులు పెట్టి, మధ్యలో ప్లాస్టిక్ సంచిలో సీసాలు పెట్టాలి. పదహారు నుంచి ఇరవై సీసాలు పడతాయి.

ఇక్కడే ఒక పని ఉంది. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకును వెంటనే క్యారియర్‌లో పెట్టకూడదు. బల్ల మీద వరసగా పేర్చి ఆగాలి. పైన చెమట పట్టి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గడ్డ నీళ్లలో కదిలిన చప్పుడు వినిపించాలి. ఆ చప్పుడుకి అర్థం లోపల మంచూ నీరూ కలిసి ఉన్నాయని. రెండూ కలిసి ఉన్నంతసేపూ ఆ ప్యాకు సున్నా డిగ్రీల దగ్గరే నిలబడుతుంది, అంతకన్నా కిందికి పోదు. అప్పుడు పక్కనున్న సీసాకు గడ్డకట్టే భయం ఉండదు. మంచంతా కరిగేదాకా పెట్టె చల్లగా ఉంటుంది కాబట్టి సాయంత్రం దాకా సరిపోతుంది. ఎంతసేపు ఆగాలన్నది గడియారం చూసి చెప్పేది కాదు. వేసవిలో తొందరగా, చలికాలంలో ముప్పావు గంట దాటినా కావచ్చు. చెవి చెప్పాలి.

మరి ఎనిమిదింటికి నాలుగు బస్తీలకు నాలుగు క్యారియర్లు వెళ్లాలి. ఆటో బయట హారన్ కొడుతోంది. తొమ్మిదికల్లా మూసాపేటలో తల్లులు వచ్చేస్తారు. బల్ల మీద జాగా రెండు క్యారియర్ల ప్యాకులకే సరిపోతుంది. మిగతావి నేరుగా ఫ్రీజర్ నుంచి పెట్టెలోకి వెళ్లిపోతాయి. ‘చల్లగా ఉంటే మంచిదేగా’ అన్న మాట దానికి తోడు. మైనస్ 20 ప్యాకును ఆనుకున్న పెంటావాలెంట్ సీసా ఆటో బస్తీ చేరే లోపే సున్నా దాటి కిందికి దిగుతుంది. అక్కడ సీసా తీసేటప్పటికి ఎండకు మళ్లీ కరిగిపోయి, మామూలు తెల్లటి ద్రవంలా కనిపిస్తుంది. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ అక్కర్లేదు, తొందర చాలు.

ఊహించి చెబుతున్న మాట కాదిది. మన దేశంలో పది రాష్ట్రాల్లో టీకా పెట్టెల్లో ఎలక్ట్రానిక్ ఉష్ణోగ్రత రికార్డర్లు, డీపీటీ సీసాలు పెట్టి, రాష్ట్ర గిడ్డంగి నుంచి చివరి ఆరోగ్య కేంద్రం దాకా మామూలు సరఫరాలాగే పంపారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన ఫలితం: ప్రయాణంలో గడిచిన సమయంలో దాదాపు 18 శాతం ఆ పెట్టెలు సున్నా కంటే కిందే ఉన్నాయి. 8 డిగ్రీలు దాటింది 7 శాతమే. చివరి కేంద్రాల్లో వేడి కూడా తక్కువేం కాదు, నిల్వ సమయంలో 14.7 శాతం. కానీ అక్కడే సున్నా కింద 10.5 శాతం గడిచింది. చివర్లో పరీక్షిస్తే మూడింట రెండొంతుల సీసాలు గడ్డకట్టిన ఆనవాళ్లు చూపించాయి.

అనుమానం వచ్చిన సీసాను పట్టుకునే పరీక్ష కూడా చవకైనదే. అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలని రాత్రంతా గడ్డకట్టించి కరిగించాలి. దాన్నీ, అనుమానపు సీసానూ ఒకేసారి పది పదిహేను సెకన్లు ఊపి బల్ల మీద పక్కపక్కన పెట్టాలి. చెడిపోని సీసాలో మడ్డి నిదానంగా దిగుతుంది. అనుమానపు సీసాలో మడ్డి గడ్డకట్టిన దానితో సమానంగానో, అంతకంటే తొందరగానో దిగితే ఆ సీసా పారెయ్యాల్సిందే. దీన్ని షేక్ టెస్ట్ అంటారు. 2010లో సూక్ష్మదర్శినితో పోల్చి చూస్తే ఇది ఒక్క సీసాను కూడా తప్పు చెప్పలేదు.

కానీ దీనికీ ఒక హద్దు ఉంది. అది తెలియాలంటే 2016 హైదరాబాద్‌కు వెళ్లాలి. ఆ ఏప్రిల్ 25న దేశమంతా పాత మూడు రకాల పోలియో చుక్కల మందు ఆపి, రెండు రకాల మందుకు మారింది. కొద్ది వారాలకే హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టైప్-2 పోలియో వైరస్ బయటపడింది. టీకా మందు నుంచే మార్పు చెందిన రకం అది. కొత్త చుక్కల్లో టైప్-2 లేదు. అందుకని జూన్‌లో ప్రమాదం ఎక్కువున్న ప్రాంతాల్లో సూదితో వేసే పోలియో టీకాను, మామూలు 0.5 మిల్లీలీటర్లలో ఐదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, చర్మం పొరలోకి వేశారు. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ల పిల్లలు మూడు లక్షల మందికి పైగా వేయించుకున్నారు. అప్పటికి కూకట్‌పల్లి రంగారెడ్డి జిల్లాలోనే ఉండేది.

పోలియోకే ఉన్న ఈ రెండు టీకాల స్వభావం పూర్తిగా ఎదురు. చుక్కల మందుకు చలి ఎంతైనా ఫరవాలేదు, మైనస్ 20లో భద్రంగా ఉంటుంది, దానికి వేడి పగ. సూది టీకా గడ్డకడితే చెడిపోతుంది. ఇరవయ్యేళ్లు పల్స్ పోలియోలో ‘మంచు ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అని నేర్చుకున్న చేతులే ఆ జూన్‌లో దాన్ని మోశాయి. పైగా సూది పోలియోలో అల్యూమినియం రేణువులు లేవు, కాబట్టి షేక్ టెస్ట్ దానికి పనిచేయదు. గడ్డకట్టి కరిగిన సీసాను కంటితో చూసి పట్టుకునే దారి లేదు. ఇచ్చేది ఐదో వంతే కనుక అందులోనూ సత్తువ పోతే మిగిలేది ఇంకా తక్కువ. ఇప్పుడు ఇదే 0.1 మిల్లీలీటరు మామూలు టీకాల పట్టికలో భాగం.

గిడ్డంగులకు 2015 నుంచి ఈవిన్ అనే ఏర్పాటు వచ్చింది. ఐఎల్ఆర్ లోపల సెన్సర్, ఉష్ణోగ్రత హద్దు దాటితే ఫోనుకు హెచ్చరిక, సరుకు ఎంతుందో మొబైల్‌లో లెక్క. మంచి పని. కానీ ఆ సెన్సర్ ఐఎల్ఆర్‌ను చూస్తుంది. క్యారియర్ లోపలికి దాని చూపు పోదు. హైటెక్ సిటీ పక్కనే ఉండి కూడా ఆఖరి మూడు కిలోమీటర్లు మనం చీకట్లోనే నడుపుతున్నాం. గోడలే చలిని అదుపు చేసి, ఐస్ ప్యాకును ఆగకుండా పెట్టినా గడ్డకట్టనివ్వని క్యారియర్లు తయారయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని ఆమోదించింది. ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రానికీ వాటిని కొనివ్వడం డ్యాష్‌బోర్డులో మరో గ్రాఫ్ పెట్టడం కంటే ముందు చేయాల్సిన ఖర్చు అని నా అభిప్రాయం.

ప్రైవేటు క్లినిక్‌ల సంగతి వేరు. కేపీహెచ్‌బీ కాలనీ వంటి చోట్ల చాలామంది పిల్లలు అక్కడే టీకాలు వేయించుకుంటారు. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో ఫ్రీజర్ అరకు ఆనుకుని పెట్టిన సీసా గడ్డకట్టవచ్చు, తలుపు అరలో పెట్టినది తలుపు తీసినప్పుడల్లా వేడెక్కుతుంది. మందుల దుకాణంలో కొని బ్యాగులో ఐస్ ముక్కల మీద వేసుకుని తీసుకువెళ్లే సీసాకు ఈ రెండు గండాలూ ఒకేసారి.

టీకా వేయించుకోవడానికి వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట. సూది వేసే ముందు సీసా చూపించమనండి, మధ్యలో చదరం లేతగా ఉందో లేదో చూడండి. ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉందా, ఈ రోజు ఉష్ణోగ్రత రాశారా అని అడగండి. క్యారియర్‌లో ఐస్ ప్యాకు ఊపి చూపించమనండి. అది రాయిలా గడ్డకట్టి ఉండి చప్పుడు రాకపోతే, దాన్ని ఆనుకున్న సీసా వద్దనండి. అడిగితే కోపం తెచ్చుకునే చోట టీకా వేయించుకోకండి.