మొక్కజొన్న వేరుకు గాలి ఎంత మిగిలింది?

కృష్ణా, గుంటూరు ప్రాంతాల మాగాణుల్లో వరి కోత అయ్యాక మొక్కజొన్న వేయడం బాగా అలవాటైపోయింది. ఆ పొలాల్లో మొదటి తడి ఇచ్చిన కొద్ది రోజులకు ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. పైన మట్టి ఆరుతూ ఉంటుంది, మొక్క మాత్రం మోకాలెత్తు కూడా రాకుండానే పసుపు రంగుకు తిరుగుతుంది. నత్రజని చాలలేదేమోనని రైతు యూరియా చల్లుతాడు. ఒక్కోసారి లోపం ఎరువులో ఉండదు. వేరు దిగాల్సిన చోట గాలి ఉండదు.

ఆ గాలి ఎంతుందో కళ్లతో చూడలేం కానీ, లెక్క కట్టగలం. దానికి ఒక స్టీలు రింగు, తూకం యంత్రం, ఓవెన్ చాలు.

మట్టి అంటే గట్టి రేణువులు, వాటి మధ్య ఖాళీలు. ఆ ఖాళీల్లో కొంత నీరు, మిగిలినదంతా గాలి. కాబట్టి మొత్తం ఖాళీ ఎంతో తెలిసి, అందులో నీరు ఎంతో తెలిస్తే, తీసివేతతో గాలి తేలుతుంది. ఆరబెట్టిన మట్టి బరువును, పొలంలో అది ఆక్రమించిన జాగాతో భాగిస్తే వచ్చేది స్థూల సాంద్రత. ఖాళీలు వదిలేసి ఒట్టి రేణువుల సాంద్రత చూస్తే అది కణ సాంద్రత. మామూలు సాగు భూముల్లో రేణువులు ఎక్కువగా సిలికా ఖనిజాలే కాబట్టి కణ సాంద్రతను ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములుగా తీసుకుంటారు. ఇక సూత్రం ఇది:

మొత్తం ఖాళీ = 1 − (స్థూల సాంద్రత ÷ కణ సాంద్రత)

గాలి ఖాళీ = మొత్తం ఖాళీ − ఘనపరిమాణంలో నీటి వాటా

అసలు మెలిక రెండో సూత్రంలో చివర ఉంది. మట్టిలో తేమను మనం సాధారణంగా బరువు లెక్కన చెబుతాం: వంద గ్రాముల పొడి మట్టికి ఇన్ని గ్రాముల నీరు అని. ఖాళీలోంచి తీసివేయడానికి అది పనికిరాదు. ఖాళీ అనేది జాగా లెక్క, నీరు కూడా జాగా లెక్కలోనే ఉండాలి. ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

రింగు లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లు, ఎత్తు 5 సెంటీమీటర్లు అనుకుందాం. దాని లోపలి జాగా 98.2 ఘన సెంటీమీటర్లు. తడి ఇచ్చిన మూడో రోజున, అదనపు నీరు కిందికి దిగిపోయాక, ఒకే చోట రెండు నమూనాలు తీశాం. ఒకటి పై 5 సెంటీమీటర్లలోంచి, రెండోది 18 నుంచి 23 సెంటీమీటర్ల లోతులోంచి. వరికి ఏటా దమ్ము చేసి చేసి, ట్రాక్టర్ చక్రాల బరువు పడి గట్టిపడిన పొర ఉండేది సుమారుగా ఆ లోతులోనే.

రెండు నమూనాలనూ తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచి, చల్లారాక మళ్లీ తూచాం. రింగు బరువు తీసేస్తే పై మట్టి తడిగా 156 గ్రాములు, ఆరాక 122 గ్రాములు. కింది మట్టి తడిగా 186.3 గ్రాములు, ఆరాక 149 గ్రాములు. అంటే పైన 34 గ్రాముల నీరు, కింద 37.3 గ్రాముల నీరు.

బరువు లెక్కన పై మట్టి తేమ 27.9 శాతం, కింది మట్టి తేమ 25 శాతం. ఈ రెండు అంకెలే చూసినవాళ్లకు కింద మట్టి కొంచెం పొడిగానే ఉంది, నీరు ఎక్కువైన సమస్య లేదు అనిపిస్తుంది. లెక్క పూర్తి చేస్తే కథ తిరగబడుతుంది.

పై పొర స్థూల సాంద్రత 1.24. దాన్ని 2.65తో భాగించి ఒకటిలోంచి తీసేస్తే మొత్తం ఖాళీ 53.2 శాతం. నీరు 34 గ్రాములంటే 34 ఘన సెంటీమీటర్లే కాబట్టి, జాగా లెక్కన 34.6 శాతం. గాలికి మిగిలింది 18.6 శాతం. వేరుకు హాయిగా సరిపోతుంది.

కింది పొర స్థూల సాంద్రత 1.52. మొత్తం ఖాళీ 42.6 శాతానికి పడిపోయింది. నీరు జాగా లెక్కన 38 శాతం. గాలికి మిగిలింది 4.6 శాతం మాత్రమే. ‘పొడిగా’ కనిపించిన మట్టిలోనే వేరుకు ఊపిరాడటం లేదు. ఆ పొరలో పెద్ద ఖాళీలు నలిగిపోయి చిన్నవి మాత్రమే మిగిలాయి. చిన్న ఖాళీలు నీటిని గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి, ఎన్ని రోజులు ఆగినా అది తనంతట తాను కిందికి జారదు.

గాలి ఖాళీ కనీసం 10 శాతం ఉండాలన్నది నేల శాస్త్రంలో వాడుకలో ఉన్న కొండగుర్తు. దానికి కారణముంది. ఆక్సిజన్ నీటిలో కంటే గాలిలో సుమారు పదివేల రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. గాలి ఖాళీలు ఒకదానికొకటి కలిసి ఉన్నంతవరకే ఆక్సిజన్ పైనుంచి వేరు దాకా చేరుతుంది. 10 శాతం కంటే తగ్గేకొద్దీ ఆ దారులు నీటితో తెగిపోతాయి. ఇది గీత గీసినట్టు పనిచేసే హద్దు కాదు. మట్టి రకాన్ని బట్టి, పంటను బట్టి అటూ ఇటూ జరుగుతుంది. అయినా 4.6 దగ్గర అనుమానానికి తావులేదు.

ఇంత సులువైన లెక్క తప్పేది ఎక్కువగా రింగు దగ్గరే. సుత్తితో గట్టిగా కొడితే లోపలి మట్టి నొక్కుకుపోతుంది. రింగులోని మట్టి మట్టం బయటి మట్టం కంటే కిందికి దిగిందంటే ఆ నమూనా పారేయాల్సిందే. నల్లరేగడిలో ఇంకో చిక్కు ఉంది. ఆరితే మట్టి కుంచించుకుపోతుంది. ఓవెన్‌లో ముడుచుకున్న గడ్డ పరిమాణంతో భాగిస్తే సాంద్రత పెరిగి, ఖాళీ తగ్గిపోతుంది. పొలంలో ఉన్న తేమలో రింగు నిండా ఉన్న పరిమాణాన్నే వాడాలి. అలాగే రేగడి పగుళ్లు రింగులో పడవు. నిజానికి పగుళ్ల వెంట గాలి కొంత దిగుతుంది, లెక్క దాన్ని చూడదు.

కణ సాంద్రత 2.65 అనేది ఊహ అని మరవకూడదు. ఇనుము ఎక్కువున్న ఎర్ర నేలల్లో అది ఎక్కువ, సేంద్రియ పదార్థం బాగా ఉన్న మట్టిలో తక్కువ. మన కింది పొరకు 2.70 వేస్తే మొత్తం ఖాళీ 43.7, గాలి 5.7 అవుతుంది. తీర్పు మారదు. గాలి 9, 10 దగ్గర తేలినప్పుడు మాత్రం ప్రయోగశాలలో కణ సాంద్రత కొలిపించాకే నమ్మాలి. ఇక గాలి ఖాళీ సున్నాకంటే తక్కువ వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే. తూకమో, రింగు కొలతో, ఊహించిన కణ సాంద్రతో మళ్లీ చూసుకోవాలి.

ఆ గట్టి పొరను సబ్‌సాయిలర్‌తో పగలగొట్టి సాంద్రతను 1.35కు తెచ్చామనుకోండి. అదే 25 శాతం తేమ జాగా లెక్కన 33.8 శాతం అవుతుంది, మొత్తం ఖాళీ 49.1కి పెరుగుతుంది, గాలి 15 శాతం దాటుతుంది. మెట్ట పైరే వేసే పొలానికి అది మంచి పనే. మాగాణికి నేను ఆ సలహా ఇవ్వను. ఆ పొర మీదే వచ్చే ఏడాది వరి నీరు నిలవాలి. అక్కడ పొరను వదిలేసి, బోదెలు తోలి, బోదె మీద మొక్కజొన్న విత్తి, కాలువ చివర నీరు బయటికి పోయే దారి ఇవ్వడం నయం. వేరు మొదటి నెలంతా 18.6 శాతం గాలి ఉన్న మట్టిలో ఎదుగుతుంది. తడి ఇచ్చిన మూడో రోజున బోదె మధ్యలో మళ్లీ రింగు దింపి చూస్తే, ఆ బోదె ఎత్తు సరిపోయిందో లేదో అదే తూకం చెబుతుంది.