పుస్తకంలో లవం... ట్యూషన్‌లో తొగుది!

సరిహద్దు బడిలో బీఈడీ ఇంటర్న్‌షిప్... చివరి నివేదికలో ఏం రాయాలి?

హోసూరు: పాఠం చెప్పడం ఒక ఎత్తు. చెప్పిన పాఠం గురించి రాయడం మరో ఎత్తు. బీఈడీ రెండో ఏడాది చదివేవారిని అడిగితే రెండోదే కష్టమంటారు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల కోర్సులో 20 వారాలు బడిలో గడపాలి. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. అంతా అయ్యాక చివరి నివేదిక సమర్పించాలి. బడి పరిస్థితులు, గమనించిన పాఠాలు, పిల్లల వివరాలు, తాను నేర్చుకున్నది... నాలుగూ ఉండాలి.

సీనియర్ల రికార్డు తెచ్చి, ఊరి పేరు మార్చి దించేసేవారికి కొదవ లేదు. దొరికిపోయేదీ వాళ్లే. పాఠం చెప్పానని రాసిన తేదీ ఆదివారం అయి ఉంటుంది. ఒక పుటలో తరగతిలో 32 మంది ఉంటే మరో పుటలో 41 మంది ఉంటారు. నాలుగు భాగాలకూ ఒకదానితో ఒకటి పొత్తు ఉండదు. మరి పొత్తు కుదరాలంటే? హోసూరు దగ్గర ఓ తెలుగు మాధ్యమ ప్రభుత్వ పాఠశాలలో ఆరో తరగతికి లెక్కలు చెప్పిన ఓ ఛాత్రోపాధ్యాయురాలి నివేదిక చూస్తే తెలుస్తుంది.

ప్రహరీ గోడ కాదు... ఇంటి భాష

'బడికి ప్రహరీ ఉంది. ఆటస్థలం ఉంది. తాగునీటి వసతి ఉంది.' బడి పరిస్థితుల గురించి ఆమె మొదట రాసింది ఇంతే. కళాశాల అధ్యాపకురాలు చదివి, 'ఇందులో నీ పాఠాన్ని మార్చిన వాక్యం ఏదమ్మా?' అని అడిగారు. ఒక్కటీ లేదు.

మర్నాడు ఆమె పిల్లల్ని మూడు ప్రశ్నలు అడిగింది. ఇంట్లో అమ్మతో ఏ భాష? ఆటల్లో ఏ భాష? ట్యూషన్‌లో ఏ భాష? తరగతిలో ఉన్నది 24 మంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 15 మంది, కన్నడం ఆరుగురు, తమిళం ముగ్గురు. తొమ్మిది మంది వెళ్లే ట్యూషన్ తమిళంలో. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది కాబట్టి ఆ లిపీ పిల్లల సంచిలో ఉంది. గోడ పొడవు కన్నా ఈ లెక్క అవసరమని ఆమెకు తర్వాతి వారమే తెలిసొచ్చింది.

రెండు గీతల నోటుపుస్తకం

పాఠాలు గమనించే వంతు వచ్చింది. మొదటి రోజు రాసింది: 'టీచరమ్మ చక్కగా బోధించారు. పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు.' బడికి పోకుండానే రాయగల మాటలివి! రెండోరోజు పుట మధ్యలో గీత గీసింది. ఎడమవైపు కంటికి కనిపించింది, చెవికి వినిపించింది, దాని సమయం. కుడివైపు తనకు తోచింది. పక్కనే బెంచీల పటం. ప్రశ్న ఎవరికి వెళ్తే అక్కడో టిక్కు.

ఆ 40 నిమిషాల్లో 12 ప్రశ్నలు. ఎనిమిదింటికి తరగతంతా కలిసి జవాబిచ్చింది. మిగిలిన నాలుగులో మూడు ముందు బెంచీలకే వెళ్లాయి. మూడో వరుసలో ఓ అబ్బాయి పెదాలు మాత్రం అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా కదులుతున్నాయి. ఇది ఎడమవైపు పడింది. 'వీడికి రాదేమో' అన్నది కుడివైపు పడింది. ఈ రెండూ కలిసిపోయిన నివేదికే తర్వాత పిల్లవాడి మీద ముద్ర వేస్తుంది. గమనించిన పుటను ఆమె టీచరమ్మకూ చూపించింది. చాటుగా రాసిన తప్పుల పట్టీలా ఉండకూడదు కదా!

'తెలుగు రాదు... అందుకే లెక్కలు రావు'

ఆ అబ్బాయి గురించి ఆమె మొదట రాసుకున్న వాక్యం ఇదే. వాక్యం చిన్నదే గానీ బరువైనది. వాణ్ని తమిళ మాధ్యమానికి మార్చుకోమని తల్లికి చెబుదామన్న మాట బడిలో అప్పటికే నడుస్తోంది. ఇంట్లో వాడు మాట్లాడేది తెలుగే.

పైకి చూస్తే అనుమానంలో అర్థముంది. భిన్నంలో పైఅంకెను పాఠ్యపుస్తకం లవం అంటుంది, కిందిదాన్ని హారం అంటుంది. ట్యూషన్‌లో అవే తొగుది, పగుది. కన్నడ బడి నుంచి వచ్చిన పక్క బెంచీ పిల్లాడికి అంశ, ఛేద. 'హారం చూపించు' అంటే అబ్బాయి పైఅంకె చూపించాడు. ఆమె అక్కడితో ఆగి ఉంటే వాక్యం ఖాయమయ్యేది.

ఆగలేదు. మాటలు తీసేసి, కాగితం మీద 1/2 + 1/3 అని మాత్రం రాసిచ్చింది. జవాబు 2/5. పైవి పైవి, కిందివి కిందివి కూడేశాడు. అదే చీటీ తరగతంతటికీ ఇస్తే మొత్తం ఎనిమిది మంది 2/5 అనే రాశారు. వారిలో ఐదుగురివి తెలుగు ఇళ్లే. అంటే చిక్కు ఒక్క భాషలోనే లేదు.

మూడోసారి కాగితపు పట్టీ ఇచ్చింది. ఆరు సమాన గడులు. సగమంటే మూడు గడులు, మూడో వంతంటే రెండు. అబ్బాయి రంగు వేసి 'అయిదు, మిస్' అన్నాడు. సగం దోసెకు ఇంకో ముక్క కలిపితే సగం కన్నా తగ్గుతుందా అని అడిగితే నవ్వాడు. 2/5 సగం కన్నా తక్కువని వాడే పట్టుకున్నాడు.

నివేదికలో వాడి పేరు లేదు, 'విద్యార్థి-3' అని ఉంది. ఫొటో లేదు, తల్లిదండ్రుల కూలి సంగతి లేదు. ముందు వాడు చేయగలిగింది, తర్వాత తడబడింది, ప్రతిదానికీ తేదీ. లవం-హారం తికమక వేరుగా, కూడికలో తప్పు వేరుగా రాసింది. నివేదిక ఇంగ్లిష్‌లో ఇవ్వాలి. అయినా వాడి మాటలు వాడన్నట్లే తెలుగు లిపిలో పెట్టి, పక్కన అర్థం రాసింది. ఆ పుట చదివాక బడిలో మాధ్యమం మార్చే మాట వాయిదా పడింది.

ఎదుగుదలకు సాక్ష్యమేది?

'నాలో ఆత్మవిశ్వాసం పెరిగింది' అని అందరూ రాస్తారు. ఎలా తెలుసంటే చెప్పలేరు. ఆమె తన రెండు పాఠ్య ప్రణాళికల్ని పక్కపక్కన అతికించింది. మొదటిదాన్లో లక్ష్యం: 'భిన్నాల కూడికను అర్థం చేసుకుంటారు.' మూడోదాన్లో: 'జవాబు సగం కన్నా ఎక్కువో తక్కువో ముందు చెప్పి, ఆ తర్వాత లెక్క చేస్తారు.' రెండోది జరిగిందో లేదో చూసి చెప్పొచ్చు.

ఇంకొకటి, ప్రశ్న అడిగాక ఆగే సమయం. టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు మెరుగవుతాయని అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో 1970ల్లో చూపించారు. తోటి ఛాత్రోపాధ్యాయిని గడియారం పట్టుకుని వెనక కూర్చుంది. మొదటి పాఠంలో ఈమె ఒక్క సెకనూ ఆగలేదు. ఐదో పాఠంలో చాలాసార్లు మూడు సెకన్లు దాటింది. మధ్యలో ఓ పాఠంలో మళ్లీ పాత అలవాటే. అదీ రాసింది.

చివర్లో మళ్లీ చీటీ పరీక్ష పెట్టింది. ఎనిమిది మందిలో ఐదుగురు సరిచేసుకున్నారు. ఆ అబ్బాయి 1/2 + 1/3 కు 5/6 అని సరిగ్గా రాశాడు గానీ, 1/4 + 1/6 ఇస్తే 2/10 అన్నాడు. పట్టీ మీద తెలిసింది అంకెల్లోకి ఇంకా రాలేదన్నమాట. ఈ మధ్యలో టీచరమ్మ కూడా అదే పాఠం ఒకసారి తిరిగి చెప్పారు కాబట్టి, వచ్చిన మార్పంతా తన పాఠం వల్లేనని ఆమె రాయలేదు. అబ్బాయి రాసిన రెండు చీటీలనూ పేరు కనిపించకుండా జిరాక్సు తీసి అనుబంధంలో పెట్టింది. కింద ఒక వరుస: 'తర్వాత వచ్చేవారు 1/4 + 1/6 కు 12 గడుల పట్టీతో మొదలుపెట్టవచ్చు.'