తెలిసింది కొంచెమే అయినప్పుడు

మిర్యాలగూడలో ఒక రైస్‌ మిల్లు ఆఫీసు అనుకుందాం. గుమాస్తా నాలుగు రోజులుగా రావడం లేదు. ‘ఇంట్లో ఏదో జరిగిందట, సూర్యాపేట ఆసుపత్రిలో ఉన్నారట’ అన్నంతవరకే తెలిసింది. భార్యకు ఏడో నెల అని మాత్రం అందరికీ తెలుసు.

ఇలాంటప్పుడు తొందరపడి గ్రూపులో ‘ఇన్నాలిల్లాహి’ పెట్టేస్తాం. ఆ మాట ఏ కష్టానికైనా అనదగినదే. అయితే మన దగ్గర అది చూడగానే చావు కబురే అనుకుంటారు. బిడ్డ ఇంకా ఐసీయూలో ఉంటే? అందుకే ఆయన ఒక్కరికే రాయాలి, విన్నంతే రాయాలి.

“అస్సలాము అలైకుమ్‌ భాయ్‌. ఇంట్లో కష్టంగా ఉందని విన్నాను. మీ అందరి కోసం దుఆ చేస్తున్నాను. ఈ వారం ధాన్యం తూకం రిజిస్టరు నేను రాస్తాను, సేటు గారితో మాట్లాడాను. దీనికి జవాబు ఇవ్వనక్కర్లేదు.”

ఇందులో ‘ఏమైంది?’ అన్న ప్రశ్న లేదు. ‘ఏమైనా కావాలంటే చెప్పండి’ అని కూడా లేదు. అలా అంటే అడిగే భారం ఆయనదే అవుతుంది, ఆ స్థితిలో ఎవరూ అడగరు. రిజిస్టరు సంగతి అలా కాదు, అది అప్పటికే జరిగిపోతోంది. సహోద్యోగి హిందువైతే సలాం బదులు నమస్తే, దుఆ బదులు ప్రార్థన అంటే సరిపోతుంది.

తర్వాత బిడ్డ దక్కలేదని ఆయనే చెబితే, “చాలా బాధగా ఉంది భాయ్‌” చాలు. ‘ఇంకో బిడ్డ పుడతాడులే’ అన్నది ఓదార్పనుకుని చాలామంది రాస్తారు. చదివే తండ్రికి మాత్రం పోయిన బిడ్డను లెక్కలోంచి తీసేసినట్టు ఉంటుంది.

తాజియతు మూడు రోజుల్లో ముగుస్తుంది, ఫోన్లూ ఆగిపోతాయి. నెల తర్వాత ఇంకోసారి, “వదినగారు ఎలా ఉన్నారు?” అని రాయండి.