ఏ దశలో తూచిన కాఫీ?

అరకు, పాడేరు కొండల్లో కాఫీ రైతుల ఆదాయం తెలుసుకోవాలని మా విద్యార్థి బృందం ఒక ప్రశ్నావళి తయారుచేసింది. అసలు సర్వేకు ముందు కొద్దిమందిని అడిగి, ప్రశ్నలు సరిగా నడుస్తున్నాయో లేదో చూసుకోవడాన్ని పైలట్ సర్వే అంటారు. ఆ దశలోనే మా ప్రశ్నావళి పనికిరాదని తేలిపోయింది. దాన్ని పాడుచేసిన ప్రశ్న చూడటానికి చాలా మామూలుది: 'పోయిన ఏడాది మీకు కాఫీ ఎన్ని కిలోలు వచ్చింది?'

రైతుకు తన పంట ఎంతో తెలియదా అని మీరు అడగవచ్చు. బాగా తెలుసు. చిక్కంతా కాఫీని ఒక్కొక్కరు ఒక్కో దశలో తూచి అమ్మడంలో ఉంది. కొందరు చెట్టు నుంచి కోసిన ఎర్రటి పండ్లను అలాగే అమ్మేస్తారు. కొందరు పండ్లను పల్పర్ యంత్రంలో వేసి, పై తోలు, గుజ్జు తీసి, కడిగి ఎండబెడతారు. పలుచని పొట్టుతో మిగిలే ఆ గింజలే పార్చ్‌మెంట్. ఇంకొందరు పండును పండుగానే ఎండబెట్టి చెర్రీగా అమ్ముతారు. వడ్లు, బియ్యం లాంటిదే ఇదీ. కాకపోతే వడ్లు ఆడిస్తే మూడింట రెండొంతులు బియ్యంగా మిగులుతాయి, కాఫీలో తరుగు అంతకంటే చాలా ఎక్కువ.

లెక్క చూద్దాం. సుమారు 5 కిలోల పండ్లకు ఒక కిలో పార్చ్‌మెంట్ వస్తుంది. పొట్టు తీస్తే అందులో ఐదో వంతు పోతుంది. అంటే ఒక కిలో శుభ్రమైన గింజలకు 6 కిలోల పైచిలుకు పండ్లు కావాలి. సమానంగా పండిన మూడు ఇళ్లు అనుకోండి. మొదటి ఇల్లు 600 కిలోల పండ్లు అమ్మింది. రెండో ఇంటివారు అన్నే పండ్లను ఎండు చెర్రీ చేస్తే దాదాపు 220 కిలోలు తూగింది. మూడో ఇంటికి 120 కిలోల పార్చ్‌మెంట్ వచ్చింది. ముగ్గురూ మా ప్రశ్నకు నిజమే చెబుతారు. సగటు 313 కిలోలు వస్తుంది, అది ఏ ఇంటికీ చెందని అంకె. గింజల లెక్కకు మారిస్తే మూడు ఇళ్లదీ ఇంచుమించు 100 కిలోలే.

ఎక్కువమందిని అడిగితే తేడాలు సర్దుకుపోతాయి కదా అన్నది తర్వాతి సందేహం. సర్దుకోవు. పండ్లు కొనేవాళ్లు దగ్గరలో ఉన్న ఊళ్లో చాలామంది పండ్లే అమ్ముతారు. లోపలి గూడెంలో ఎండబెట్టినదే సంతకు దిగుతుంది. మరింతమందిని అడిగేకొద్దీ రోడ్డు పక్క ఊరు గొప్పగా, లోపలి గూడెం పేదగా కనిపించడం ఇంకా గట్టిపడుతుంది. ఆ తేడాను పుట్టించింది ప్రశ్నే. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. వచ్చిన డబ్బును చెప్పిన కిలోలతో భాగించాలి. పక్కపక్క ఇళ్లలో కిలో ధర నాలుగైదు రెట్లు తేడాగా వస్తే, వాళ్లు వేర్వేరు సరుకుల గురించి చెబుతున్నారని అనుమానించాలి.

'పోయిన ఏడాది' కూడా ఇలాంటి తిప్పలే పెట్టింది. ఇక్కడ కోత నవంబరు ప్రాంతంలో మొదలై కొత్త సంవత్సరంలోకి సాగుతుంది. జనవరిలో అడిగితే ఒకరు ఇప్పటి కోత చెబుతారు, మరొకరు అంతకు ముందుది. క్యాలెండర్ సంవత్సరం ఒక పంటను రెండు ముక్కలు చేస్తుంది.

ఎంత కాలం గురించి అడుగుతున్నామన్నది దేశ స్థాయిలోనూ పెద్ద వివాదమైంది. 1999-2000లో జాతీయ నమూనా సర్వే 55వ విడతలో తిండి ఖర్చును ఒకే ఇంటిని రెండు రకాలుగా అడిగారు: గత 7 రోజుల్లో ఎంత, గత 30 రోజుల్లో ఎంత అని. మామూలుగా వారం లెక్కను నెలకు పెంచితే, నెలకని అడిగినదానికంటే ఎక్కువ వస్తుంది. రెండూ పక్కపక్కనే అడిగితే జనం ఒకదానికొకటి పొసగేలా చెబుతారు, దాంతో నెల లెక్క పెరిగి పేదరికం తక్కువగా కనిపించవచ్చు. 1993-94లో సుమారు 36 శాతమున్న పేదరికం ఆ ఏడాది 26 శాతానికి తగ్గిందని అధికారిక లెక్క వచ్చింది. అందులో ఎంత నిజమైన తగ్గుదల, ఎంత ప్రశ్న మార్చడం వల్ల వచ్చింది అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

కాబట్టి మా ప్రశ్నను విడగొట్టాం. ఈ కొండల్లో వేసవి మొదట్లో వచ్చే ఇటుకల పండుగ రెండు కోతల మధ్య పడుతుంది, అందరికీ గుర్తుంటుంది. అందుకే 'పోయిన ఇటుకల పండుగకు ముందు అయిపోయిన కోతలో' అని మొదలుపెడతాం. పండ్లుగా ఎంత అమ్మారు, పార్చ్‌మెంట్‌గా ఎంత, ఎండు చెర్రీగా ఎంత అని వేర్వేరు వరుసల్లో అడుగుతాం. ప్రతి వరుసకూ డబ్బు విడిగా రాస్తాం. అదే తోటలో పండే మిరియాల సంగతి కాఫీతో కలపకుండా మరో ప్రశ్నగా పెట్టాం. ఒక ప్రశ్న నాలుగైదు ప్రశ్నలైంది, ఒక్కో ఇంటి దగ్గర పట్టే సమయం పెరిగింది. దానివల్ల అడగగలిగే ఇళ్లు తగ్గుతాయి. అయినా తక్కువ ఇళ్లకు సరైన లెక్కే మేలని నా అభిప్రాయం.

ఎకరాకు దిగుబడి ఎంతన్నది మాత్రం ఇప్పటికీ అడగడం లేదు. సిల్వర్ ఓక్ నీడలో, వాలు మీద చెదురుగా పెరిగే మొక్కలకు పట్టాలో రాసిన విస్తీర్ణం ఒకటి, నిజంగా మొక్కలున్న నేల మరొకటి. ఆ రెంటినీ తేల్చాలంటే తోట చుట్టూ నడిచి కొలవాలి. కూర్చుని అడిగే ప్రశ్నతో అయ్యే పని కాదది.