తీగ తెగకుండా ఆకాశం తీసేయడం

ఫొటోషాప్‌లో మంత్రదండంతో ఆకాశాన్ని తీసేస్తే, మేడల మీది కేబుల్ తీగలు ముక్కలైపోతాయి. దూరపు తీగ మందం ఒకటి రెండు పిక్సెళ్లే. దాని అంచు పిక్సెల్‌లో సగం తీగ, సగం ఆకాశం. ఉంచాలా, తీసేయాలా అని రెండే జవాబులు ఇచ్చే పనిముట్టు అక్కడే తడబడుతుంది.

అందుకే తెలిసినవాళ్లు ఫొటోలోనే ముసుగు వెతుకుతారు. పగటి ఆకాశం Blue ఛానెల్‌లో బాగా తెల్లగా, తీగలు నల్లగా కనిపిస్తాయి. ఆ ఛానెల్‌కు నకలు తీసి, Levels‌లో రెండు కొసల స్లైడర్లనూ లోపలికి జరపాలి. ఆకాశం పూర్తిగా తెల్లబడగానే ఆగాలి. అత్యాశకు పోతే అంచుల్లోని బూడిదరంగు చచ్చిపోయి, మళ్లీ రంపపు పళ్లే. ఆ బూడిదరంగే సగం పారదర్శకత. తెల్లగోడలు, అద్దాల కిటికీలు కూడా ఆకాశంలా తెల్లబడతాయి. వాటిని నల్ల బ్రష్‌తో పూడ్చాలి. ఇక Ctrl నొక్కి నకలును క్లిక్ చేస్తే ఆకాశం ఎంపికవుతుంది. Alt నొక్కి లేయర్ మాస్క్ పెడితే మాయమవుతుంది.

కింద ముదురు నారింజ రంగు పరిచి చూడండి, మిగిలిన నీలపు అంచులు బయటపడతాయి. ఎండకు మెరిసే యాంటెన్నా కడ్డీకి మాత్రం ఈ కిటుకు పనిచేయదు. దాని వెలుగు ఆకాశంతో సమానం కాబట్టి ముసుగులో చేత్తో గీయాల్సిందే.