తొమ్మిది పట్టీలా, పంతొమ్మిదా?

కాలేజీ ఫిజిక్స్ ల్యాబుల్లో ఒక నల్లటి స్లైడు ఉంటుంది. దాని మీద పక్కపక్కనే రెండు సన్నటి నిలువు చీలికలు. మన దగ్గరున్న స్లైడులో ఒక్కో చీలిక వెడల్పు 0.05 మిల్లీమీటర్లు, రెండిటి నడుమ ఎడం 0.25 మిల్లీమీటర్లు అనుకుందాం. గది చీకటి చేసి, ఎర్ర లేజర్ కిరణాన్ని ఆ రెండు చీలికల మీదా పడేట్టు నిలబెట్టి, అవతల రెండు మీటర్ల దూరంలోని తెల్ల గోడను చూడాలి. (గోడనే చూడాలి, కిరణంలోకి కాదు. లేజర్ కంటికి హాని చేస్తుంది.) రెండు చీలికలున్నాయి కాబట్టి రెండు గీతలు పడాలి. కానీ గోడ మీద అడ్డంగా ఎర్రటి పట్టీల వరస కనిపిస్తుంది, ప్రతి రెండిటి మధ్యా చీకటితో. నడిమి పట్టీ బాగా మెరుస్తుంది, ఇరువైపులకీ వెళ్లేకొద్దీ కాంతి తగ్గుతుంది. మొత్తం తొమ్మిది.

ఈ పట్టీల మధ్య దూరాన్ని గోడ దగ్గరికి వెళ్లకుండానే లెక్కకట్టవచ్చు. నడిమి పట్టీ రెండు చీలికలకూ సమాన దూరంలో ఉంది. రెండు దారుల్లో వచ్చిన అలలూ అక్కడికి ఒకే తాళంలో చేరి, కలిసి వెలుగవుతాయి. అక్కణ్ణించి పక్కకి జరిగితే ఒక చీలిక కాస్త దగ్గరవుతుంది, రెండోది కాస్త దూరమవుతుంది. ఆ తేడా సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం అయినచోట ఒక అల శిఖరం రెండోదాని లోయలో పడి చీకటి వస్తుంది. ఇంకా జరిగి తేడా ఒక పూర్తి తరంగదైర్ఘ్యం అయినచోట మళ్లీ వెలుగు.

ఎంత జరిగితే ఎంత తేడా వస్తుంది? గోడ మీద జరిగిన దూరాన్ని గోడకున్న దూరంతో భాగించి, చీలికల ఎడంతో గుణిస్తే చాలు. 5.2 మిల్లీమీటర్లు జరిగామనుకోండి. దాన్ని 2000 మిల్లీమీటర్లతో భాగిస్తే 0.0026. దాన్ని 0.25తో గుణిస్తే 0.00065 మిల్లీమీటర్లు, అంటే 650 నానోమీటర్లు. ఎర్ర లేజర్ తరంగదైర్ఘ్యం దాదాపు అంతే! కాబట్టి మొదటి పట్టీ 5.2 మిల్లీమీటర్ల దగ్గర, రెండోది 10.4 దగ్గర, అలా సమాన దూరాల్లో పడతాయి. ఇంటర్ రెండో సంవత్సరం పుస్తకంలో పట్టీ వెడల్పు అని రాసేది ఇదే: β = λD/d. ఇందులో λ తరంగదైర్ఘ్యం, D గోడకున్న దూరం, d చీలికల ఎడం.

సూత్రాన్ని బట్టీ పట్టేవాళ్లు గమనించని సంగతి ఒకటుంది. మన అమరికలో D/d విలువ 8000. అంటే కంటికి ఎన్నడూ అందని తరంగదైర్ఘ్యాన్ని ఈ స్లైడూ గోడా కలిసి ఎనిమిది వేల రెట్లు పెద్దది చేసి, స్కేలుతో కొలిచేంతగా చూపిస్తున్నాయి.

ఇప్పుడు స్లైడు మారుద్దాం. చీలికల వెడల్పు అదే, ఎడం మాత్రం రెట్టింపు, 0.5 మిల్లీమీటర్లు. చీలికలు దూరమయ్యాయి కాబట్టి పట్టీలూ దూరమవుతాయని చాలామంది ఊహిస్తారు. అవి దగ్గరవుతాయి, 5.2 కాస్తా 2.6 అవుతుంది. కారణం పై లెక్కలోనే ఉంది. చీలికలు దూరంగా ఉంటే, గోడ మీద కొంచెం జరిగినా రెండు దారుల మధ్య తేడా గబగబా పెరుగుతుంది. ఒక పూర్తి తరంగదైర్ఘ్యం తేడా రావడానికి సగం దూరం జరిగితే సరిపోతుంది.

మొదటి స్లైడే ఉంచి లేజర్ మారిస్తే? 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌తో ఎడం 4.26 మిల్లీమీటర్లు. పట్టీలు ఈసారి కూడా దగ్గరయ్యాయి. మరి గోడ మీది బొమ్మను మాత్రమే చూసినవాడు, రంగు కనబడని నలుపు తెలుపు ఫొటోలో, మార్చింది స్లైడునా లేజర్‌నా అని చెప్పగలడా?

చెప్పగలడు, పట్టీలను లెక్కపెట్టి. ఒక్కో చీలికా తనంతట తానే కాంతిని పక్కలకి పరుస్తుంది. దీన్ని వివర్తనం అంటారు. ఆ పరపు ఎంతన్నది చీలిక వెడల్పు మీద ఆధారపడుతుంది తప్ప రెండిటి ఎడం మీద కాదు. 0.05 మిల్లీమీటర్ల చీలిక నుంచి వచ్చే ఎర్ర కాంతి మధ్య నుంచి ఇరువైపులా 26 మిల్లీమీటర్ల దగ్గర సున్నా అవుతుంది. అయిదో పట్టీ కూడా సరిగ్గా 26 దగ్గరే పడాలి. అక్కడ కాంతే లేదు కాబట్టి అది కనిపించదు. నడిమిది ఒకటి, అటు నాలుగు, ఇటు నాలుగు, అందుకే తొమ్మిది. ఎడం రెట్టింపు చేసినప్పుడు పరపు మారలేదు, అందులో పట్టీలు మాత్రం ఇరుకయ్యాయి. మాయమయ్యేది పదో పట్టీ, మిగిలేవి పంతొమ్మిది. ఆకుపచ్చ లేజర్ పెట్టినప్పుడు పరపూ పట్టీల ఎడమూ ఒకే పాళ్లలో తగ్గాయి కాబట్టి మళ్లీ తొమ్మిదే. ఆ మధ్య పరపు అవతల మసకగా మరికొన్ని పట్టీలు కనిపిస్తాయి, వాటిని ఈ లెక్కలో కలపకూడదు.

సూత్రంలో d దగ్గర చీలిక వెడల్పు వేసేయడం, లేదా పట్టీలకు బదులు పరపును కొలిచి అదే జవాబనుకోవడం, ఈ ప్రయోగంలో తరచూ జరిగే పొరపాట్లు. అనుమానం వస్తే ఒక చీలికను మూసి చూడాలి. మాయమైన సన్న పట్టీలు రెండు చీలికలవీ. మిగిలిన వెడల్పాటి వెలుగు ఒకే చీలికది.

కొలతలోనూ ఒక మెలకువ ఉంది. 5.2 మిల్లీమీటర్లను స్కేలుతో ఒక్కసారి కొలిస్తే అర మిల్లీమీటరు తప్పు పదోవంతు తప్పవుతుంది. ఒక చివర నుంచి ఏడు పట్టీలు, అంటే ఆరు ఎడాలు, కలిపి కొలిస్తే 31.2 వస్తుంది. అర మిల్లీమీటరు తప్పు అప్పుడు రెండు శాతం లోపే. ఏడు పట్టీలని ఏడుతో భాగించకూడదు, ఆరుతోనే భాగించాలి. ఎర్ర లేజర్ మీద 630 నుంచి 680 అని అంతరం మాత్రమే రాసి ఉంటే, 532 అని కచ్చితంగా తెలిసిన ఆకుపచ్చ లేజర్‌తో అదే స్లైడు మీద, అదే గోడ మీద ఆరు ఎడాలు కొలవండి. 25.5 వచ్చిందనుకుందాం. 31.2ను 25.5తో భాగించి 532తో గుణిస్తే దాదాపు 651. స్లైడు ఎడమూ గోడ దూరమూ తెలియకుండానే ఎర్ర కాంతి కొలత దొరికింది.

థామస్ యంగ్‌కి లేజర్లు లేవు. 1803 నవంబరులో లండన్ రాయల్ సొసైటీకి ఆయన వివరించిన ప్రయోగంలో చీలికలూ లేవు. సూది రంధ్రం గుండా వచ్చిన ఎండకు అడ్డంగా అంగుళంలో ముప్పయ్యో వంతు వెడల్పున్న అట్టముక్క పెట్టి, దాని నీడలో పట్టీలు చూశాడు. అట్టకు ఒక పక్క వచ్చే కాంతిని ఆపగానే నీడలోని పట్టీలు పోయాయి. 1807లో అచ్చయిన ఉపన్యాసాల్లో ఆయన ఎరుపు అంచు తరంగదైర్ఘ్యం అంగుళంలో 36,000వ వంతు అని, ఊదా అంచుది 60,000వ వంతు అని ఇచ్చాడు. మన లెక్కలో అవి సుమారు 705, 423 నానోమీటర్లు. ఆ రెండు అంకెల నిష్పత్తి అయిదుకు మూడు. కాబట్టి ఎండతో చేస్తే నడిమి పట్టీ ఒక్కటే తెల్లగా ఉంటుంది. పక్కవాటికి రంగుల అంచులు వస్తాయి, ఎరుపు బయటివైపు. మూడో ఎర్ర పట్టీ దగ్గరికి వచ్చేసరికి అయిదో ఊదా పట్టీ వచ్చి దాని మీదే పడుతుంది. ఆ పైన రంగులన్నీ కలగలిసి, లెక్కపెట్టడానికి పట్టీలు మిగలవు.