ఇంకొకరి పాన్‌లో పడిన టీడీఎస్

విజయవాడలో ఒక నిర్మాణ సంస్థ 2025 ఆగస్టులో తన ఆర్కిటెక్టుకు రెండు లక్షల ఫీజు ఇచ్చిందనుకుందాం. పది శాతం టీడీఎస్ కింద 20,000 రూపాయలు పట్టుకుని, గడువులోపే చలానా కట్టింది. అక్టోబరులో 26క్యూ స్టేట్‌మెంట్ కూడా వేసింది. అయినా ఆర్కిటెక్టు 26ఏఎస్‌లో ఆ డబ్బు జాడ లేదు. గుమస్తా ఆయన పాన్‌లో 8135 అని కొట్టాల్సిన చోట 8315 అని కొట్టాడు.

ఆ తప్పు పాన్ ఎవరికీ లేనిదైతే త్వరగానే బయటపడేది. పాన్ చెల్లదు కాబట్టి ఇరవై శాతం పట్టుకోవాల్సిందంటూ, మిగతా 20,000కు వడ్డీ కలిపి సంస్థకే డిమాండ్ వచ్చేది. అసలు చిక్కు ఆ నంబరు ఇంకెవరిదో అయినప్పుడే. కంప్యూటర్‌కు అందులో లోపమేమీ కనిపించదు, నోటీసూ రాదు. డబ్బు ముక్కూముఖం తెలియని మనిషి ఖాతాలో చేరుతుంది. ఆర్కిటెక్టు అడిగితే తప్ప సంస్థకు తెలిసే దారి దాదాపు లేదు.

దీన్ని సరిచేయగలిగింది పన్ను పట్టుకున్న సంస్థ ఒక్కటే. ముందు ట్రేసెస్ సైట్‌లో PAN Verification తెరిచి, ఈసారి ఇవ్వబోయే పాన్‌కు ఏ పేరు వస్తోందో చూసుకోవాలి. చెల్లే పాన్‌ను మరో చెల్లే పాన్‌గా మార్చడానికి ఒక్క అవకాశమే ఉంటుంది, కాబట్టి ఈ పని దాటవేయకూడదు. తరువాత Request for Correction లో ఆ సంవత్సరం, త్రైమాసికం, ఫారం, స్టేట్‌మెంట్ టోకెన్ నంబరు ఇవ్వాలి.

అక్కడ గుర్తింపు కోసం చలానా వివరాలు, అందులోని కొందరి పాన్‌లు, మొత్తాలు అడుగుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. ఆర్కిటెక్టు వరుసనే ఎంచుకుంటే, దాఖలైన తప్పు పాన్‌నే రాయాలి. సరైనది రాస్తే పాత రికార్డుతో సరిపోలదు. అభ్యర్థన Available అని చూపించాక, ఆ వరుసలో పాన్ మార్చి డిజిటల్ సంతకంతో సమర్పించాలి. చలానా, మొత్తం, తేదీ ముట్టుకోనక్కర్లేదు.

ప్రాసెసింగ్ పూర్తయ్యాక కొత్త 16ఏ దింపి ఆర్కిటెక్టుకు ఇవ్వాలి. అయితే కాగితం ఇచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు. ఆయన 26ఏఎస్‌లో 20,000 కనబడాలి.

ఈ పని నాన్చితే కష్టం. స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిన ఆర్థిక సంవత్సరం ముగిశాక సవరణకు ఆరేళ్లు ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయ పన్ను చట్టం దాన్ని రెండేళ్లకు కుదించింది. ఈలోగా ఆర్కిటెక్టు రిటర్న్ వేసేసి, టీడీఎస్ కలవలేదని ఆయనకు డిమాండ్ వచ్చి ఉంటే, సంస్థ సవరణ ఒక్కటే చాలదు. 26ఏఎస్‌లో మొత్తం కనిపించాక, ఆయన తన ఈ-ఫైలింగ్ ఖాతా నుంచి రెక్టిఫికేషన్ అభ్యర్థన పెట్టుకోవాలి.